మూడు కోటేషన్లు వచ్చాయి, ఏది తీసుకోవాలి? రైస్ మిల్లు ఓనర్‌కు బ్రోకర్ ఇచ్చే పోలిక రిపోర్ట్‌ను చదవడం ఎలా?

పోయిన ఎపిసోడ్ కింద ఎక్కువ మంది అడిగిన ప్రశ్న ఒకటే. "సార్, మిల్లుకు ఇన్సూరెన్స్ కోసం మూడు కంపెనీల నుంచి కోటేషన్లు వచ్చినయి. అన్నిట్లో బీమా మొత్తం ఒకటే. ఒకటి తక్కువకు ఇస్తున్నది. అదే తీసుకోవచ్చా?" అని. ఒక్క మాటలో జవాబు చెప్పలేను. అందుకే ఈ రోజు బ్రోకర్ రాసి ఇచ్చే పోలిక రిపోర్ట్‌ను ముందు పెట్టుకుని, అందులో ఏం చూడాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఒక విషయం చెప్పాలి. ఏజెంట్ వేరు, బ్రోకర్ వేరు. ఏజెంట్ కంపెనీ తరఫు మనిషి. బ్రోకర్ కొనేవాళ్ల తరఫు మనిషి. 2018లో వచ్చిన ఐఆర్‌డీఏఐ బ్రోకర్ల నిబంధనల్లోని ప్రవర్తనా నియమావళిలో ఈ విషయం ఉంది. ఫలానా పాలసీని ఎందుకు సూచిస్తున్నాడో బ్రోకర్ వివరించాలి. ఎంచుకునే వీలు ఉన్నచోట ధర, కవరేజీ, సేవ ఈ మూడింటిలో పోలిక చూపించాలి. అంటే మీరు పోలిక రిపోర్ట్ అడిగితే అది మొహమాటపడి అడిగే సాయం కాదు. ఆయన చేయాల్సిన పనే. ఇంత కమీషన్ వస్తుందా అని అడిగితే అదీ చెప్పాలి.

మన మిల్లు సంగతి

లెక్క అర్థం కావడానికి ఒక ఊహా మిల్లు తీసుకుందాం. కంపెనీల పేర్లు కూడా చెప్పను, ఏ, బీ, సీ అనుకుందాం. ప్రీమియం అంకెలు కూడా ఉదాహరణకే.

మిల్లు జనగామ దగ్గర. బిల్డింగ్ 90 లక్షలు, మిషనరీ 1 కోటి 40 లక్షలు, సొంత బియ్యం, వడ్లు 50 లక్షలు. వీటితో పాటు కస్టమ్ మిల్లింగ్ కోసం ప్రభుత్వం ఇచ్చిన వడ్లు 1 కోటి. మొత్తం 3 కోట్ల 80 లక్షలు. ఇది కాక మహబూబాబాద్‌లో కిరాయి గోదాము, అందులో 60 లక్షల సొంత సరుకు. భూపాలపల్లిలో చిన్న గోదాము, అందులో 30 లక్షల సరుకు.

ఒకే చోట ఉన్న ఆస్తి విలువ 5 కోట్ల లోపు ఉంటే 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష' అనే పాలసీ వస్తుంది. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. దాని పాఠం అన్ని కంపెనీలకూ ఒకేలా ఉండాలని ఐఆర్‌డీఏఐ తెచ్చింది. మన మూడు చోట్లా 5 కోట్ల లోపే కాబట్టి అది మనకు సరిపోతుంది. అయితే కంపెనీలు తమ సొంత ప్యాకేజీ పాలసీలు కూడా ఇస్తాయి. స్టాండర్డ్ పాలసీ ఇచ్చినా దానికి అదనపు షరతులు, అదనపు కవర్లు తగిలిస్తాయి. తేడాలన్నీ అక్కడే వస్తాయి.

ఇప్పుడు మనకు వచ్చిన కోటేషన్లు, జీఎస్‌టీతో కలిపి:

ఏ కంపెనీ: 78,000 రూపాయలు.
బీ కంపెనీ: 54,000 రూపాయలు.
సీ కంపెనీ: 92,000 రూపాయలు.

ఓనర్ చూపు వెంటనే 54 వేల మీద పడుతుంది. పడాలి కూడా, అది ఆయన డబ్బు. కానీ రిపోర్ట్ మొదటి పేజీలో ప్రీమియం ఒక్కటే రాసిన బ్రోకర్ మీ పని సగం కూడా చేయలేదని అర్థం.

మొదట మూడూ ఒకే తూకంలో ఉన్నాయా?

పోల్చే ముందు చూడాల్సింది, మూడు కంపెనీలకూ ఒకే వివరాలు వెళ్లాయా అని. ఒక కంపెనీకి మహబూబాబాద్ గోదాములో 60 లక్షలు అని, ఇంకో కంపెనీకి 40 లక్షలు అని పంపితే రెండోది తక్కువకే వస్తుంది. అది చౌక కాదు, తక్కువ సరుకుకు తక్కువ ధర.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. మన దగ్గర సరుకు ఏడాదంతా ఒకేలా ఉండదు. వానాకాలం కోతలు అయినంక గోదాములు నిండుతాయి, తర్వాత ఖాళీ అవుతాయి. ఓనర్ సగటు చూసి 60 లక్షలు అని రాయిస్తాడు. వరద వచ్చిన రోజు లోపల కోటి రూపాయల సరుకు ఉందనుకోండి. భారత్ సూక్ష్మ పాలసీలో 15 శాతం వరకు తక్కువ రాయించినా పట్టించుకోరు. అది దాటితే నిష్పత్తి ప్రకారం కోస్తారు. కోటికి 60 లక్షలే రాయించాడు కాబట్టి ప్రతి నష్టంలోనూ 60 శాతమే. 24 లక్షల సరుకు పోతే 14 లక్షల 40 వేలే లెక్కలోకి వస్తాయి. అందుకే బ్రోకర్ రిపోర్ట్‌లో ఏడాదిలో ఎక్కువలో ఎక్కువ సరుకు ఏ నెలలో ఎంత ఉంటుందో ఒక లైన్ ఉండాలి. లేకపోతే అడగండి. సగటు కాదు, గరిష్ఠం రాయించాలి.

మినహాయింపులు: ఎవరి వడ్లు? ఎక్కడ పెట్టిన వడ్లు?

మినహాయింపు అంటే పాలసీలో "ఇది మాకు సంబంధం లేదు" అని రాసుకున్న భాగం. రైస్ మిల్లుకు ఇందులో రెండు లైన్లు ప్రాణం లాంటివి.

మొదటిది, ఇతరుల సరుకు. ఫైర్ పాలసీల్లో పాతకాలం నుంచి ఒక మాట ఉంటుంది. ఇతరులు నమ్మి మన దగ్గర పెట్టిన సరుకు, పాలసీలో స్పష్టంగా రాస్తే తప్ప కవర్ కాదు అని. కస్టమ్ మిల్లింగ్ వడ్లు సరిగ్గా ఇదే. ఆ వడ్లు మనవి కావు. సివిల్ సప్లైస్ కార్పొరేషన్ వాళ్లు ఇస్తారు, క్వింటా వడ్లకు 67 కిలోల లెక్కన మనం ముడిబియ్యం అప్పజెప్పాలి. మధ్యలో మిల్లు కాలితే వడ్లు పోయినయి కదా అంటే సరిపోదు. బియ్యం బాకీ అట్లే ఉంటుంది. అంటే కోటి రూపాయల సరుకు మనది కాదు, బాధ్యత మాత్రం మనదే.

మూడు కోటేషన్లు చదివితే, ఏ, సీ రెండింటిలోనూ "కస్టమ్ మిల్లింగ్ కోసం నమ్మకంగా ఉంచిన ప్రభుత్వ వడ్లు" అని షెడ్యూల్‌లో విడిగా రాశారు. బీ లో "స్టాక్" అని ఒక్క మాటే ఉంది. ఆ ఒక్క మాటలో ప్రభుత్వ వడ్లు వస్తాయా రావా అని ఇప్పుడు అడిగితే "వస్తాయి సార్" అనొచ్చు. నష్టం జరిగినంక సర్వేయర్ అడిగేది కాగితం. కాగితం మీద లేకపోతే లేనట్టే.

రెండోది, ఆరుబయట సరుకు. సీజన్‌లో వడ్లు షెడ్లలో పట్టక యార్డులో నెట్టు కట్టి పరదాలు కప్పుతారు. ఇది మన జిల్లాల్లో ఎవరికీ కొత్త కాదు. కానీ ఏ, బీ కోటేషన్లు "షెడ్డు లోపల ఉన్న సరుకు" వరకే. సీ మాత్రం యార్డులోని సరుకుకు 40 లక్షల వరకు ఇచ్చింది.

ఇంకో సూక్ష్మం చెప్పాలి. పాలసీలో ఉండేది వరద, తుఫాను, నీట మునగడం లాంటి పేరున్న ప్రమాదాలు. పరదా చిరిగి వాన నీళ్లు పైనుంచి కారి వడ్లు మొలకెత్తాయంటే, అది వరద కాదనే వాదన వస్తుంది. నీళ్లు కింద నుంచి వచ్చాయా, పై నుంచి వచ్చాయా అన్నది సర్వేయర్ మొదటి ప్రశ్న. యార్డు కవర్ ఉందని పరదాల మీద అశ్రద్ధ చేయొద్దు.

మూడింటిలో ఒకేలా ఉన్న మినహాయింపులు కూడా రిపోర్ట్‌లో ఒక చోట రాయాలి. షార్ట్ సర్క్యూట్‌తో మోటర్ కాలితే ఆ మోటర్‌కు డబ్బు రాదు, ఆ మంట పక్కకు పాకి షెడ్డు కాలితే షెడ్డుకు వస్తుంది. మిల్లు రెండు నెలలు ఆగితే పోయిన ఆదాయం దీంట్లో రాదు, దానికి వేరే పాలసీ ఉంది. వీటిలో తేడా లేదు కాబట్టి పోలికకు పనికిరావు, కానీ ఓనర్‌కు తెలిసి ఉండాలి.

లిమిట్: వరదకు ఎంత వరకు?

షెడ్యూల్ మీద బీమా మొత్తం 60 లక్షలు అని ఉంటే, ఏం జరిగినా 60 లక్షల వరకు వస్తుందని అనుకుంటాం. కాదు. కొన్ని ప్రమాదాలకు లోపల చిన్న పరిమితి పెడతారు. దాన్నే సబ్‌లిమిట్ అంటారు.

ఏ, సీ కంపెనీల్లో వరదకు విడి పరిమితి లేదు, పూర్తి బీమా మొత్తం వరకు ఇస్తారు. బీ కంపెనీ సొంత ప్యాకేజీ పాలసీ ఇచ్చింది. దాని ఐదో పేజీలో ఒక లైన్: వరద, తుఫాను వల్ల నష్టం ఒక్కో సంఘటనకు 15 లక్షల వరకు మాత్రమే. 54 వేలకు ఎట్లా ఇచ్చారో ఇప్పుడు అర్థమైంది కదా.

ఇది మన దగ్గర చిన్న విషయం అనుకోవద్దు. 2023 జూలై 27న భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరు మునిగింది. జనం ఇళ్ల పైకెక్కి కూర్చుంటే హెలికాప్టర్లు తెచ్చి కాపాడాల్సి వచ్చింది. అదే జిల్లా చిట్యాలలో ఒక్క రోజులో 600 మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. మన మూడు చోట్లలో రెండు ఈ జిల్లాల్లోనే ఉన్నాయి. అగ్నిప్రమాదానికి పూర్తి కవరు, వరదకు నాలుగో వంతు కవరు ఇచ్చే పాలసీ ఇక్కడ పెట్టుకుంటే, ఎక్కువ భయపడాల్సిన చోటే తక్కువ కవర్ ఉన్నట్టు.

డిడక్టిబుల్: దేంట్లో శాతం?

ప్రతి క్లెయిమ్‌లో మన జేబు నుంచి పెట్టుకోవాల్సిన మొదటి భాగం డిడక్టిబుల్. పాలసీల్లో ఎక్సెస్ అని కూడా రాస్తారు. ఇక్కడ శాతం ఎంత అన్నదే కాదు, దేని మీద శాతం అన్నది కూడా చూడాలి.

ఏ కంపెనీ వరదకు: క్లెయిమ్ మొత్తంలో 5 శాతం, కనీసం 25,000.
సీ కంపెనీ వరదకు: క్లెయిమ్ మొత్తంలో 5 శాతం, కనీసం 10,000.
బీ కంపెనీ వరదకు: ఆ చోటి బీమా మొత్తంలో 5 శాతం.

మూడింట్లో 5 శాతమే కదా అని దాటేస్తారు. 24 లక్షల క్లెయిమ్‌లో 5 శాతం అంటే 1 లక్షా 20 వేలు. 60 లక్షల బీమా మొత్తంలో 5 శాతం అంటే 3 లక్షలు. నష్టం 2 లక్షలే అయితే బీ కంపెనీలో పైసా రాదు, ఎందుకంటే మొదటి 3 లక్షలు మనవే.

ఇంకో ప్రశ్న రాతపూర్వకంగా అడగాలి. నష్టంలో నుంచి ముందు డిడక్టిబుల్ తీసేసి ఆ తర్వాత 15 లక్షల పరిమితి చూస్తారా, లేక ముందే 15 లక్షలకు కోసి, దాంట్లో నుంచి 3 లక్షలు తీస్తారా? మొదటి పద్ధతిలో 24లో నుంచి 3 పోతే 21, దాన్ని 15కు పరిమితం చేస్తే 15 వస్తుంది. రెండో పద్ధతిలో 12 వస్తుంది. ఒక్క వాక్యం మీద 3 లక్షల తేడా. బీ కంపెనీ ఈ ప్రశ్నకు రెండో పద్ధతి అని జవాబిచ్చిందనుకుందాం.

రెండు నష్టాలు వేసి చూద్దాం

మంచి పోలిక రిపోర్ట్‌లో నాకు నచ్చే పేజీ ఇదే. మాటలు పక్కనపెట్టి, జరిగే అవకాశం ఉన్న రెండు నష్టాలు తీసుకుని, మూడు కంపెనీల నుంచి చేతికి ఎంత వస్తుందో లెక్క కట్టే పేజీ.

మొదటి నష్టం, మహబూబాబాద్ గోదాములోకి వరద. కింది వరసల బస్తాలు తడిసి 24 లక్షల నష్టం.

ఏ కంపెనీ: 24 లక్షల్లో 1 లక్షా 20 వేలు పోతే 22 లక్షల 80 వేలు.
బీ కంపెనీ: 12 లక్షలు.
సీ కంపెనీ: కాగితం మీద 22 లక్షల 80 వేలు. కానీ ఆగండి.

సీ కోటేషన్ చివరి పేజీలో ఒక వారంటీ ఉంది. గోదాముల్లో సరుకు నేల నుంచి కనీసం ఆరు అంగుళాల ఎత్తులో, చెక్క క్రేట్ల మీద ఉండాలి అని. వారంటీ అంటే మామూలు సలహా కాదు. పాటించకపోతే క్లెయిమ్ కాదనే హక్కు కంపెనీ చేతికి ఇచ్చినట్టే. మన మహబూబాబాద్ గోదాములో బస్తాలు నేల మీదనే నెట్టు కట్టి ఉన్నాయి. అందరికంటే ఎక్కువ డబ్బు కట్టి, అందరికంటే మంచి పాలసీ తీసుకుని, వరద వచ్చిన రోజు చేతికి ఏమీ రాకుండా పోవచ్చు. ఎక్కువ ధర పెట్టినంత మాత్రాన మంచి పాలసీ అయిపోదని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ వద్దు.

రెండో నష్టం, జనగామ మిల్లులో అగ్నిప్రమాదం. షెడ్డులో సొంత బియ్యం 20 లక్షలు, యార్డులో పరదాల కింద ఉన్న ప్రభుత్వ వడ్లు 30 లక్షలు కాలాయి. అగ్నికి డిడక్టిబుల్ ఏ, సీ లో 25,000, బీ లో 50,000.

ఏ కంపెనీ: ప్రభుత్వ వడ్లు పేరు రాసి ఉన్నా, యార్డు లేదు. కాబట్టి 19 లక్షల 75 వేలు.
బీ కంపెనీ: 19 లక్షల 50 వేలు.
సీ కంపెనీ: 49 లక్షల 75 వేలు.

ఇక్కడ ఏ కంపెనీ కూడా తప్పింది చూశారా? 30 లక్షల బియ్యం బాకీ ఓనర్ మెడకే చుట్టుకుంటుంది. ఒక నష్టం మీదే లెక్క వేసి ఏ మంచిదని తేల్చేసి ఉంటే ఈ గుంట కనపడేది కాదు. అందుకే కనీసం రెండు రకాల నష్టాలు వేయమనండి, ఒకటి వరద, ఒకటి మంట.

రిపోర్ట్ చివర ఏం రాయాలి

ఇంత చేసి బ్రోకర్ "మీ ఇష్టం సార్" అని వదిలేస్తే ఉపయోగం లేదు. సిఫారసు రాయాలి, దానికి కారణం రాయాలి. ఈ కేసులో నేనైతే ఇట్లా రాస్తాను.

"బీ కంపెనీ వద్దు. ఏ తో పోలిస్తే ఏడాదికి 24,000 మిగులుతుంది. కానీ ఒక్క మహబూబాబాద్ వరదలో 10 లక్షల 80 వేలు తక్కువ వస్తుంది. ఆ తేడా పూడాలంటే 45 ఏళ్ల మిగులు కావాలి. ఏ కంపెనీని యార్డు సరుకుకు 40 లక్షల అదనపు కవర్ అడిగాం, 9,000 అదనంగా ఇస్తామన్నారు. అప్పుడు ప్రీమియం 87,000. వరదలో 22 లక్షల 80 వేలు, మంటలో 49 లక్షల 75 వేలు వస్తాయి. మా సిఫారసు ఇదే. మీరు గోదాముల్లో క్రేట్లు వేయించేదుంటే సీ కంపెనీ కూడా సమానమే. వేయించనంతవరకు సీ వద్దు."

చూడండి, ఇందులో గెలిచింది వచ్చిన మూడు కోటేషన్లలో ఏదీ కాదు, నాలుగోది. పోలిక చేసినంక ఎక్కడ గుంట ఉందో తెలిసింది, ఆ ఒక్క గుంట పూడ్చమని అడిగాం. పోలిక రిపోర్ట్ అసలు పని ఇదే. ఉన్నవాటిలో ఒకటి ఏరుకోవడం కంటే, ఏం అడగాలో తెలుసుకోవడం.

సిఫారసు కింద ఇంకొక లైన్ కూడా ఉండాలి: ఓనర్ చదివి, ఏది ఎంచుకున్నాడో సంతకం. ఓనర్ బీ నే కావాలంటే అది ఆయన హక్కు. కొందరికి ఆ ఏడాది చేతిలో డబ్బు ఆడదు, నిజంగానే 54 వేలే కట్టగలరు. కానీ వరదకు 15 లక్షల పరిమితి ఉందని, యార్డు వడ్లకు ఏమీ రాదని తెలిసి సంతకం పెట్టాలి. తెలిసి మోసే నష్టం వేరు, తెలియక నెత్తిన పడే నష్టం వేరు.

ఒక చిన్న జాగ్రత్తతో ముగిస్తా. కోటేషన్‌లో ఒప్పుకున్నది పాలసీలో రావాలని లేదు. పాలసీ కాగితం చేతికి వచ్చిన రోజే నాలుగు మాటలు వెతకండి: ప్రభుత్వ వడ్లు అని ఉందా, యార్డు అని ఉందా, వరదకు పరిమితి ఏమైనా కొత్తగా చేరిందా, డిడక్టిబుల్ "క్లెయిమ్ మొత్తంలో" అని ఉందా. మూడు చోట్ల చిరునామాలు కూడా సరిచూడండి. భూపాలపల్లి గోదాము చిరునామా పడకపోతే అక్కడి 30 లక్షలకు పాలసీ లేనట్టే. తప్పుంటే వెంటనే బ్రోకర్‌కు మెయిల్ పెట్టి సరిచేయించుకోండి, ఫోన్‌లో చెప్పి వదిలేయొద్దు.

మీ దగ్గర ఉన్న పాలసీలో డిడక్టిబుల్ దేని మీద శాతమో ఒకసారి చూసి కామెంట్లలో రాయండి, కంపెనీ పేరు రాయకండి. వచ్చే ఎపిసోడ్‌లో మిల్లు ఆగిపోతే పోయే ఆదాయానికి ఉండే పాలసీ గురించి మాట్లాడుకుందాం. ఉంటానండి.